పచ్చ పెట్టె కోసం ఆరు వాక్యాలు

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి నాటక సమాజం దుస్తుల మేడమ్ ఫోన్ చేసేసరికి నా నోట్లో నాలుగు మేకులు ఉన్నాయి. చెప్పులు కుట్టేవాళ్ళకి అదో పాడలవాటు. చేతిలో సుత్తి ఉందంటే మేకులు నోట్లో ఉండాల్సిందే. ఆవిడ చెప్పిన మాటకి ఆ నాలుగూ మింగలేదంటే అది నా అదృష్టం.

"కొత్త నాటకం పడుతోందమ్మా. రాణి వేషం ఆవిడకి బూట్లు కావాలి. వచ్చే సోమవారం స్టేజీ మీద వేసుకుని రిహార్సల్ చెయ్యాలి. అవి సరిగ్గా కుదిరితే ఈ ఏడాది మా నాటకాలన్నిటికీ పాదరక్షలు నువ్వే. ఏమంటావ్?"

ఏమంటాను? మేకులు అరచేతిలోకి ఉమ్మి, "ఇచ్చేస్తా మేడమ్!" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ చిన్న గదిలోనే గిర్రున రెండు చుట్లు తిరిగాను. కుట్టుమిషన్‌కి మోకాలు కొట్టుకున్నా నొప్పి తెలియలేదు. పద్నాలుగు నెలలుగా తెగిన పట్టీలు, అరిగిన మడమలు, ఊడిన జిప్పులు తప్ప నా చేతికి ఇంకో పని తగల్లేదు. ఒక్క జత, మొదటి నుంచి చివరిదాకా నా చేత్తో చేసే ఒక్క జత కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

మూడో చుట్టులో ఉండగా అచ్చులు గుర్తొచ్చాయి. అంతే, కాళ్ళు ఆగిపోయాయి.

అచ్చు అంటే కొయ్యతో చెక్కిన పాదం. మనిషి పాదం కొలిచి, అలాంటిదే చెక్కి, దాని మీద తోలు లాగి బిగిస్తేనే బూటు అవుతుంది. రాణి వేషం ఆవిడ పాదాలు మామూలు పాదాలు కావు. కుడి పాదానికి బొటనవేలు మొదట్లో ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆవిడని మూడుసార్లు కూర్చోబెట్టి, తోలు ముక్కలు అతికిస్తూ, అరగదీస్తూ ఆ అచ్చుల జత తయారు చేశాను. అడుగున పద్నాలుగు అని నంబరు కూడా చెక్కాను. మళ్ళీ కొత్తగా చెయ్యాలంటే రెండు వారాలు పడుతుంది. పైగా ఆవిడ ఇప్పుడు వేరే ఊళ్ళో ప్రదర్శనల్లో ఉంది, ఆదివారం దాకా రాదు. ఆ పద్నాలుగో నంబరు జత నా పచ్చ రేకుపెట్టెలో ఉంది. ఆ పెట్టె నా మాజీ మొగుడింట్లో ఉంది.

మాజీ మొగుడంటే సర్వేయరు. స్థలాలకి హద్దులు కొలిచే ఉద్యోగం. ఊళ్ళో హద్దులన్నీ కొలుస్తాడు గానీ, పెళ్ళాంతో మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగాలో మాత్రం తెలియదు. సరేలెండి, నాకూ తెలియదు. విడిపోయిన రోజు రెండు సంచులతో బయటికొచ్చేశాను, పెట్టె బరువని వదిలేశాను. ఆ తర్వాత ఏడుసార్లు మెసేజ్ పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోన్ చేద్దామంటే నా కాల్స్ బ్లాక్ చేసి పెట్టుకున్నాడు. మెసేజ్‌లు మాత్రం ఎందుకో వదిలేశాడు.

మధ్యాహ్నం పన్నెండింటికి వదిన వచ్చింది. వదిన అంటే ఆయన అక్క. మొగుడు పోయినా ఆడపడుచు మిగిలింది నాకు. అదేం లెక్కో నాకూ తెలియదు. బస్టాండులో అనౌన్సర్‌గా పని చేస్తుంది. రెండింటికి డ్యూటీ ఎక్కే ముందు నా దగ్గర కూర్చుని అన్నం తిని వెళ్ళడం ఆవిడకి అలవాటు. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

వదిన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. "ఏ పెట్టె? వాడు బుధవారం పొద్దున ఇల్లు ఖాళీ చేస్తున్నాడే! అక్కర్లేనివన్నీ పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానన్నాడు మొన్న."

"వదినా, నువ్వెళ్ళి తెచ్చెయ్యవా? నీకు దండం పెడతా."

"అమ్మో! కిందటిసారి నీ మాట మోసుకెళ్ళినందుకు మూణ్ణెల్లు నాతో మాట్లాడలేదు వాడు. నువ్వే అడుగు. వాడు తెచ్చి నా కౌంటర్లో పెడితే కన్ను ఆర్పకుండా కాపలా కాస్తా. అంతవరకే నా పూచీ."

సరే, రాశాను. పావుగంటలో రాశాను. చెయ్యి ఆగితే కదా! రాసింది వదిన చేతికి ఇచ్చాను. ఆవిడ ఎంత వేలితో పైకి జరిపినా అది అయిపోవడం లేదు.

"ఇది మెసేజా, మహాభారతమా?" అంది.

"ఉన్నమాటే కదా రాశాను!"

"ఉన్నమాటే. కానీ నా తమ్ముడు ఫోన్ తెరవకముందు పైన కనిపించేది మొదటి రెండు వరసలే. నీ రెండు వరసల్లో ఏముందో చూడు. 'ఏడుసార్లు అడిగినా చీమ కుట్టినట్టయినా లేని మనిషివి.' ఇది చూసి ఎవడన్నా తెరుస్తాడా? నీ ఏడు మెసేజ్‌లూ ఇలాగే మొదలయ్యాయా?"

ఏడూ ఇలాగే మొదలయ్యాయి.

వదిన చెయ్యి కడుక్కుని వచ్చి, గొంతు సవరించుకుని, బస్టాండు గొంతుతో చదవడం మొదలుపెట్టింది. ఆ గొంతు మీరు వినే ఉంటారు. కోపం లేదు, ప్రేమ లేదు, తొందర లేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ అమ్మ ముందు నన్ను తోలు కంపు అన్నది నేను చచ్చినా మర్చిపోను. ప్రయాణికులు గమనించగలరు."

నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే ముందొచ్చింది.

"మైకులో చెప్పలేని మాట ఏదైనా ఇందులోంచి తీసెయ్యాల్సిందే" అంది వదిన. "ఏ బస్సు, ఎక్కడ, ఎప్పుడు. మేం చెప్పేది అంతే. బస్సు నిన్న ఎందుకు ఆలస్యమైందో మేం చెప్పం."

"అతను చేసిందంతా ఊరికే వదిలెయ్యమంటావా అయితే?"

"వదిలెయ్యమన్లేదు. ఇందులో వద్దంటున్నా. నీకిప్పుడు పెట్టె కావాలా, వాడు తప్పు ఒప్పుకోవడం కావాలా? రెండూ ఒకే సంచిలో పట్టవు."

పెట్టె కావాలి. ఆ మాట అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను, సిగ్గుచేటు.

కొట్టేయడం మొదలుపెట్టాం. 'నువ్వు లాక్కున్న నా పెట్టె' అన్న చోట 'లాక్కున్న' పోయింది. లాక్కోలేదు, నేనే వదిలేశాను. 'కనీసం ఇప్పుడైనా' పోయింది. 'మనిషివైతే' పోయింది. 'నీ సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి, పెట్టె ఇస్తేనే ఇస్తా' అన్నదాని దగ్గర నేను అడ్డం తిరిగాను.

"అదొక్కటే కదా వదినా నా చేతిలో ఉన్న ఆయుధం!"

"అందుకే తీసెయ్యమంటున్నా. 'ఇస్తేనే' అన్నావంటే వాడు 'ఇవ్వకపోతే ఏం చేస్తావ్' అంటాడు. వాడి సామాను వాడికి ఇచ్చెయ్, షరతు పెట్టకు. ఏమేమున్నాయి?"

సర్టిఫికెట్ల ఫైలు, సర్వే పనికి వాడే మూడుకాళ్ళ స్టాండు, గోధుమరంగు స్వెట్టరు. రాస్తూ 'చిరుగుల స్వెట్టరు' అన్నాను. వదిన నా వంక చూసింది. చిరుగులు తీసేశాను.

ఇంకో తంటా వచ్చింది. ఆయన్ని ఏమని పిలవాలి? నువ్వు అంటే పాత పోట్లాట గుర్తొస్తుంది, మీరు అంటే వెటకారంలా ఉంటుంది. అయిదేళ్ళు కాపురం చేసిన మనిషిని మీరు అని రాస్తే చదివేవాడికి ఒళ్ళు మండదా? వదిన ఫోన్ నా వైపు తోసి, "ఏదీ వద్దు. వస్తువుల గురించి రాయి, మనిషి గురించి రాయకు" అంది. రాస్తే కుదిరింది.

చివరికి రెండు వరసలు మిగిలాయి. 'కొయ్య అచ్చులు కావాలి. మంగళవారం కౌంటర్లో ఇస్తే చాలు.' ఎంత ముద్దుగా ఉందో! పంపబోయాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆగాగు. అచ్చులు ఎక్కడున్నాయని వాడికి తెలుసా?"

"తెలియకేం, అతనే కదా దాన్ని..." అని ఆగిపోయాను.

మొదట రాసినదాంట్లో ఒక వాక్యం ఉంది: 'కంపు కంపు అంటూ నా పచ్చ పెట్టెని గ్యాస్ సిలిండర్ వెనక్కి తోసేసి ఏ రోజూ తిరిగి చూడని మహానుభావుడివి.' ఆ వాక్యం మొత్తం కొట్టేశాం. తిట్టుతో పాటు పెట్టె రంగూ పోయింది, అది ఉన్న చోటూ పోయింది. పెట్టె అక్కడుందన్న సంగతి ఆయనకి గుర్తుంటుందనేం నమ్మకం? పద్నాలుగు నెలలుగా దాని ముందు నిలబడి అన్నం వండుకునే మనిషి కంటికి అది సిలిండర్‌లో భాగంలాగే కనిపిస్తూ ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు దాన్ని నేరుగా పాతసామాను బండి ఎక్కించేవాళ్ళు.

కొట్టేసినవన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాం. ఈసారి తిట్ల కోసం కాదు, తిట్ల మధ్యలో ఇరుక్కున్న పనికొచ్చే ముక్కల కోసం. పచ్చ పెట్టె దొరికింది. సిలిండర్ వెనక దొరికింది. ఇంకేం లేవు. అంత పెద్ద భారతంలో పనికొచ్చినవి ఆ రెండే.

ఆఖరికి ఇలా తేలింది:

'పచ్చ రేకుపెట్టె కావాలి, అందులో కొయ్య అచ్చులు ఉన్నాయి. వంటింట్లో గ్యాస్ సిలిండర్ వెనక ఉంది. రేపు మంగళవారం సాయంత్రం 5 నుంచి 7 లోపు బస్టాండ్ ఎంక్వయిరీ కౌంటర్లో వదినకి ఇస్తే చాలు. సర్టిఫికెట్ల ఫైలు, మూడుకాళ్ళ స్టాండు, గోధుమరంగు స్వెట్టరు రేపు పొద్దున్నే అదే కౌంటర్లో పెడతాను. సాయంత్రం కుదరకపోతే బుధవారం పొద్దున 7 లోపు ఎప్పుడైనా సరే. ఏ టైమో రాస్తే చాలు.'

వదిన దాన్ని బస్టాండు గొంతుతో మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా నవ్వు రాలేదు. "ఇంక బస్సు కదలొచ్చు" అంది. పంపించాను. ఒకటిన్నర అయింది. వదిన పరుగున వెళ్ళిపోయింది. డ్యూటీలో ఆవిడ ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేస్తారు, రాత్రి తొమ్మిదిదాకా దొరకదు.

రెండు నీలం గీతలు పడ్డాయి. చదివాడు! పద్నాలుగు నెలల్లో మొదటిసారి చదివాడు! స్టూలు మీద కూర్చోలేకపోయాను. లేచాను, కూర్చున్నాను, తోలు చుట్ట విప్పాను, మళ్ళీ చుట్టాను. రెండుంపావుకి జవాబు వచ్చింది.

'ఎవరండీ ఇది? ఇది ఆవిడ రాసింది కాదు. ఈ ఫోన్ ఎలా దొరికింది మీకు? దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో ఇచ్చెయ్యండి. పెట్టె ఎవరికీ ఇవ్వను.'

ఓరి దేవుడా! తిట్టకపోతే నేను నేను కాదా? ఏడుసార్లు తిట్టి అడిగితే నమ్మాడు కానీ ఇవ్వలేదు. ఒక్కసారి మర్యాదగా అడిగితే దొంగనయ్యాను!

'నేనే' అని రాశాను.

'ఆవిడ అయితే ఇంత పద్ధతిగా రాయదు' అని వచ్చింది.

అప్పుడు నా చెయ్యి ఎంత దురద పెట్టిందో! ఒక్క తిట్టు, ఒకే ఒక్కటి, పాతవాటిలోంచి ఏరి పంపితే చాలు, వెంటనే నమ్ముతాడు. నమ్మి ఫోన్ మూసేస్తాడు. ఎనిమిదో మెసేజూ ఆ ఏడింటి పక్కన పడి ఉంటుంది, బుధవారం పెట్టె బండి ఎక్కుతుంది.

గొంతు రికార్డు చేసి పంపుదామనుకున్నాను. గొంతు వింటే తెలియదా మరి? మొదటిసారి 'నేనే మాట్లాడుతున్నా' అని చక్కగా మొదలుపెట్టాను. 'నేనే రాశాను' దగ్గరికి వచ్చేసరికి శ్రుతి పెరిగింది. 'ఏం, నేను రాయకూడదా? నాకు పద్ధతి తెలియదా?' తీసేశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఊపిరి బిగబట్టి మాట్లాడితే, విన్నవాడు నన్ను ఎవరో కుర్చీకి కట్టేశారనుకునేలా ఉంది. అదీ తీసేశాను.

మా ఇద్దరికే తెలిసిన సంగతి ఏదైనా రాయాలి. అలాంటివి బోలెడున్నాయి కదా, అయిదేళ్ళ కాపురం. ఒకటి అనుకున్నాను, అది కూడా పోట్లాటే. ఇంకోటి, అదీ పోట్లాటే. వానలో దారి తప్పిపోయినప్పటిది, పెళ్ళిరోజు మర్చిపోయినప్పటిది, వాళ్ళ పిన్ని ఇంట్లో జరిగింది. తవ్వుతున్న కొద్దీ పోట్లాటలే. ఒక్క మంచి ముక్క, కనీసం మంచీ చెడూ కాని ఒక్క ముక్క దొరకలేదు. అంతసేపు అరిచి గింజుకున్నదాన్ని, అక్కడ మాత్రం నిజంగా ఏడుపొచ్చింది.

చేతికి ఏదో పని ఉంటే బాగుంటుందని రాణి బూట్ల కోసం తెచ్చిన తోలు బల్ల మీద పరిచాను. బొటనవేలు పక్కన తోలు ఎంత సాగుతుందో వేలితో లాగి చూస్తున్నాను. ఆ వేలి కింద హఠాత్తుగా ఇంకో పాదం గుర్తొచ్చింది, అతనిది. గబగబా ఫోన్ తీసి రాశాను.

'పెట్టెలో అడుగు వరసలో ఒకటో నంబరు జత ఉంటుంది. ఎడమ అచ్చుకి చిటికెనవేలు దగ్గర రెండు పొరల తోలు అతికించి ఉంటుంది. ఆ వేలు చిన్నప్పుడు సైకిల్ చక్రంలో పడి వంకర తిరిగింది. మామూలు బూట్లు అక్కడ ఒరుసుకుని రక్తం వస్తుంటే ఈ జత చెక్కాను. నేను చెక్కిన మొదటి అచ్చులు అవే.'

పంపే ముందు నాలో నేనే బస్టాండు గొంతుతో చదువుకున్నాను. తిట్టు లేదు. బతిమాలడం లేదు. ఉన్నదేదో ఉంది. పంపించాను.

నీలం గీతలు పడ్డాయి. ఇంక ఏమీ రాలేదు. పది నిమిషాలు. ఇరవై. సిలిండర్ జరుపుతున్నాడా? పెట్టె బయటికి లాగాడా? ఆ గొళ్ళెం మొరాయిస్తుంది, కింది నుంచి తడితే గానీ రాదు, అది తెలుసా అతనికి? గోళ్ళు కొరుక్కుంటూ తలుపు దాకా, బల్ల దాకా తిరిగాను. చెప్పు బాగు చేయించుకోడానికి వచ్చిన ఒకావిడ నా మొహం చూసి, "రేపొస్తాలేమ్మా" అని వెళ్ళిపోయింది.

మూడూ పదికి వచ్చింది. 'ఉంది. రేపు 6కి కౌంటర్లో ఇస్తాను.'

నేను పెట్టిన కేకకి పక్క షాపు టైలరు కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

మంగళవారం పొద్దున్నే ఫైలు, స్టాండు, స్వెట్టరు కౌంటర్లో పొద్దున డ్యూటీవాళ్ళకి అప్పగించి వచ్చాను. స్వెట్టర్‌కి చిరుగులు కుట్టాను. ఎందుకంటారా? సూది చేతిలో ఉంది, కుట్టాను. రోజంతా తోలు కత్తిరించి సిద్ధం చేసుకున్నాను. అచ్చుల మీద బిగించాక కనీసం మూడు రోజులు అలాగే ఉండాలి, లేకపోతే ఆకారం నిలవదు. బుధవారం పొద్దున బిగిస్తే శనివారం అడుగు తోలు కుట్టి, ఆదివారం మెరుగు పెట్టొచ్చు. ఒక్క పూట కూడా అటూ ఇటూ కాకూడదు.

ఆయన ఎదురుపడకూడదని ఏడు దాటాక బస్టాండుకి వెళ్ళాను. కౌంటర్ పక్కన పచ్చ పెట్టె ఉంది. మీద దుమ్ము లేదు, తుడిచి తెచ్చాడు. అక్కడే నేల మీద చతికిలబడి, గొళ్ళెం కింది నుంచి తట్టి తెరిచాను. పద్నాలుగు ఎడమ, పద్నాలుగు కుడి. కుడి అచ్చు మీద నేను అతికించిన తోలు ముక్క ఎక్కడిదక్కడే ఉంది. గుండెలకి హత్తుకున్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తే చూశారు.

మిగతావి లెక్క చూసుకుంటుంటే అడుగు వరసలో ఒక చోట ఖాళీగా ఉంది. ఒకటో నంబరు జత లేదు.

నాలో కోపం సర్రున లేచింది! అచ్చులు చేసినవాళ్ళవి. పాదం ఎవరిదైనా సరే, అచ్చు పనివాడి దగ్గరే ఉంటుంది. ఏ చెప్పుల కొట్లో అడిగినా, ఏ బల్ల దగ్గర అడిగినా ఇదే మాట చెబుతారు. ఎవడిచ్చాడు అతనికి హక్కు? ఫోన్ తీశాను. నేను రాసేలోపే అందులో మెసేజ్ ఉంది, ఆరూ ఐదుకి వచ్చింది.

'పెట్టె అక్కకి ఇచ్చాను. ఫైలు, స్టాండు, స్వెట్టరు తీసుకున్నాను. ఒకటో నంబరు జత నా దగ్గర ఉంచుకున్నాను. అభ్యంతరం ఉంటే రేపు పొద్దున 7 లోపు అదే కౌంటర్లో ఇస్తాను.'

రెండుసార్లు చదివాను. తిట్టు లేదు, దెప్పు లేదు. నువ్వూ లేదు, మీరూ లేదు. వాళ్ళక్క చేత దిద్దించుకున్నాడా అంటే, వదిన సాయంత్రమంతా మైకు ముందే ఉంది. ఎవరూ దిద్దలేదు. అతనే రాశాడు.

ఆ కొయ్య అతనికి ఎందుకూ పనికిరాదు. దానితో బూటు కుట్టడం అతనికి రాదు. ఉంచుకోవాలనిపించింది, ఉంచుకున్నాడు, అడిగాడు. అయిదేళ్ళలో నన్ను ఏదైనా ఇలా అడిగాడా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. కోపం ఎక్కడికి పోయిందో తెలియదు, వెతికినా దొరకలేదు.

కౌంటర్ అద్దం వెనక నుంచి వదిన ఏమైందన్నట్టు చెయ్యి ఊపింది. ఏమీ లేదని తల ఊపాను. ఆవిడకి చూపించలేదు. 'అభ్యంతరం లేదు' అని రాసి, మళ్ళీ చదవకుండానే పంపేశాను.

పెట్టె భుజానికెత్తుకుని బస్సెక్కాను. రేపు పొద్దున తోలు బిగించాలి, దాన్ని రాత్రికే తడిపి పెట్టుకోవాలి.